రెండేళ్ల తర్వాత ఎన్ని కనెక్షన్లు: డ్యాంప్డ్ ట్రెండ్ గీత ఎందుకు వంగుతుంది

ప్రశ్న: హనుమకొండలో నాకు చిన్న ఫైబర్ ఇంటర్నెట్ నెట్‌వర్క్ ఉంది అన్నా. నాలుగేళ్ల నెలవారీ లెక్క రాసిపెట్టుకున్న. ఇప్పుడు 1,840 కనెక్షన్లు. తీసేసినవి పోను, గత ఆరు నెలల్లో కొత్తగా కలిసినవి వరుసగా 61, 48, 39, 35, 38, 31. హోల్ట్ పద్ధతిలో వేస్తే రెండేళ్లకు 2,848 వస్తోంది. మా తమ్ముడు డ్యాంప్డ్ పెట్టి వేస్తే 2,188 అంటోంది. ఒకే డేటాకు 660 తేడా ఎట్ల వస్తది? ఆ వంగిపోయే గీతను ఎందుకు నమ్మాలె? కనెక్షన్లన్నీ వచ్చి కలిసే ఓఎల్‌టీ బాక్సులు ఎన్ని తెప్పించాలో తేలుతలేదు.

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ 660 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. అది తెలిస్తే నమ్మాలా వద్దా అన్నది మీకే అర్థమవుతుంది.

రెండు పద్ధతులూ మీ డేటా నుంచి రెండే సంఖ్యలు తీసుకుంటాయి. ఒకటి లెవెల్, అంటే ఇప్పుడు మీరు నిలబడిన చోటు. అది 1,840. రెండోది ట్రెండ్, అంటే నెలకు ఎంత పెరుగుతున్నారు అన్నది. మీ ఆరు నెలల సగటు 42, మీ హోల్ట్ కూడా 42 దగ్గరే నిలిచింది. హోల్ట్ ఆ 42ని రాబోయే ప్రతి నెలకూ అలాగే కలుపుతుంది. 24 నెలలకు 24 సార్లు 42 అంటే 1,008, దాన్ని 1,840కి కలిపితే మీ 2,848. డ్యాంప్డ్ పద్ధతి మాత్రం ఆ 42ని నెలనెలా ఒకటి కంటే చిన్న సంఖ్యతో గుణిస్తూ పోతుంది. ఆ సంఖ్యను ఫై అంటారు. మీ తమ్ముడి లెక్కలో అది 0.9 అయి ఉండాలి. మొదటి నెల 37.8, తర్వాత 34, ఆ తర్వాత 30.6, ఇలా తగ్గుతూ 24 నెలలకు మొత్తం 348 కలుస్తాయి. 1,840కి 348 కలిపితే 2,188.

సూత్రాలుగా రాస్తే ఇంతే. ఇందులో y అసలు వచ్చిన సంఖ్య, l లెవెల్, b ట్రెండ్, φ మన ఫై, h ఎన్ని నెలల ముందుకు అన్నది. α, β కొత్త డేటాకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే సంఖ్యలు:

```
l[t] = α·y[t] + (1-α)·(l[t-1] + φ·b[t-1])
b[t] = β·(l[t] - l[t-1]) + (1-β)·φ·b[t-1]
forecast(t+h) = l[t] + (φ + φ² + ... + φ^h)·b[t]
```

φ = 1 పెడితే ఇది హోల్ట్ 1957లో రాసిన పద్ధతే. φ = 0 పెడితే ట్రెండ్ మొత్తం పోయి మామూలు ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్ మిగులుతుంది. దానికి ముందున్నదంతా చదునైన గీతే. ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడాలో డేటానే చెప్పనిద్దాం అన్నది గార్డ్‌నర్, మెకెంజీ 1985లో చేసిన ప్రతిపాదన.

ఇక్కడ చాలామంది ఒక తప్పు చేస్తారు. ఎక్సెల్‌లో మామూలు హోల్ట్ నడిపించి, చివర్లో ఫోర్‌కాస్ట్‌కు మాత్రమే ఫై గుణిస్తారు. పైన రెండో వరుస చూడండి, ఫై అక్కడ కూడా ఉంది. నెలనెలా లెవెల్‌నూ ట్రెండ్‌నూ సరిచేసేటప్పుడు కూడా పాత ట్రెండ్ తగ్గిపోతూ ఉండాలి. కొత్త డేటా వచ్చి దాన్ని మళ్లీ నింపాలి. నింపకపోతే అది కరిగిపోతుంది.

ఒక్క నెల చేత్తో వేసి చూపిస్తాను. α = 0.6, β = 0.2 అనుకుందాం. వచ్చే నెల మీకు 25 మాత్రమే కలిసి మొత్తం 1,865 అయింది అనుకుందాం. హోల్ట్ 1,882 అని ఎదురుచూసింది, 17 తక్కువ వచ్చింది. కొత్త లెవెల్ 1,871.8, కొత్త ట్రెండ్ 39.96. వచ్చినవి 25 అయినా హోల్ట్ ఇంకా నెలకు 40 అనే అంటోంది. డ్యాంప్డ్ 1,877.8 అని ఎదురుచూసింది, తేడా 12.8. దాని కొత్త లెవెల్ 1,870.1, కొత్త ట్రెండ్ 36.3. ఈ నెల రెండూ వేసిన అంచనాల మధ్య దాదాపు నాలుగు కనెక్షన్ల తేడానే ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

ఇక అసలు ప్రశ్న: ఆ వంగే గీతను ఎందుకు నమ్మాలి?

మొదటి కారణం ఏమిటంటే, మీ 42 అనేది కొలిచిన సంఖ్య, ఖాయమైన సంఖ్య కాదు. మీ ఆరు నెలల లెక్కే తీసుకోండి: 61, 48, 39, 35, 38, 31. ఇవి సగటు చుట్టూ చెదిరిన తీరు చూస్తే, స్టాండర్డ్ డీవియేషన్ దాదాపు 11. ఆరు నెలల సగటులో పొరపాటుకు అవకాశం 11ని ఆరు వర్గమూలంతో భాగిస్తే వచ్చేది, అంటే సుమారు 4.4. అసలు వేగం 42 కావచ్చు, 37 కావచ్చు, 46 కావచ్చు. వచ్చే నెల అంచనాకు ఇది పెద్ద విషయం కాదు, నాలుగు కనెక్షన్లు అటో ఇటో. కానీ హోల్ట్ ఆ పొరపాటును 24తో గుణిస్తుంది. నెలకు 4.4 పొరపాటు రెండేళ్లకు దాదాపు 106 కనెక్షన్లు అవుతుంది. నెలకు 10 తప్పితే 240. లెవెల్‌లో పొరపాటు ఎంత దూరం వెళ్లినా అంతే ఉంటుంది. ట్రెండ్‌లో పొరపాటు మాత్రం దూరంతో పాటు పెరుగుతుంది, దాని వర్గం దూరం వర్గంతో పెరుగుతుంది. అందుకే మూడు నెలల అంచనాలో దాగి ఉన్న తప్పు రెండేళ్ల అంచనాలో బయటపడుతుంది.

డ్యాంప్డ్ పద్ధతిలో ఫై 0.9 అయితే అదే 10 తప్పు 24 నెలలకు 83 మాత్రమే అవుతుంది. ఎందుకంటే గుణించే సంఖ్య 24 కాదు, 8.28. ఎంత దూరం వెళ్లినా అది 9 దాటదు.

మరి పొరపాటు తగ్గించడానికి వేగాన్నే తగ్గించి చెప్తే అది ఇంకో పొరపాటు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. వేగం నిజంగానే 42 దగ్గర స్థిరంగా ఉంటే డ్యాంప్డ్ అంచనా ప్రతిసారీ కింద పడుతుంది. ఇక్కడే రెండో కారణం వస్తుంది, నాకు ఇది మొదటిదాని కంటే ముఖ్యంగా కనిపిస్తుంది.

నెలకు 42 కలవడం అనేది ప్రకృతి నియమం కాదు. దాని వెనక కారణాలు ఉంటాయి. మీ మొదటి నెల 61 చూడండి. ఆ నెల గోపాల్‌పూర్ వైపో భీమారం వైపో ఒక కొత్త అపార్టుమెంటుకు ఒకేసారి వైరు లాగి ఉంటారని నా అనుమానం. ఒక కాలనీ నిండేదాకా ఒక వేగం ఉంటుంది. అది నిండాక వేగం మారుతుంది. పక్క ఆపరేటర్ ధర తగ్గిస్తే మారుతుంది. మీరు హసన్‌పర్తి రోడ్డుకు కొత్త లైను వేస్తే మళ్లీ మారుతుంది. ప్రతి దశలోనూ ఎదుగుదల దాదాపు తిన్నగానే ఉంటుంది, కానీ ఆ తిన్నని గీత ఎప్పుడు తెగుతుందో ముందు తెలియదు.

ఇప్పుడు ఇలా ఆలోచించండి. ప్రతి నెలా ఈ దశ కొనసాగే అవకాశం 0.9, తెగిపోయే అవకాశం 0.1. తెగిన తర్వాత వేగం ఎటు పోతుందో తెలియదు, పైకో కిందకో, సగటున సున్నా అనుకుందాం. అప్పుడు వచ్చే నెల కూడా 42 కలిసే అవకాశం 0.9, రెండో నెల దాకా దశ నిలిచే అవకాశం 0.81, పన్నెండో నెల దాకా 0.28, ఇరవై నాలుగో నెల దాకా 0.08 మాత్రమే. ఒక్కో భవిష్యత్తులో గీత తిన్నగా పోయి ఎక్కడో ఒక చోట విరుగుతుంది. అలాంటి వేల భవిష్యత్తుల సగటు తీస్తే వచ్చేది మెల్లగా వంగే గీత. అచ్చం డ్యాంప్డ్ గీతే.

మీ తమ్ముడు చూపించిన గీత, మీ వ్యాపారం అలా సాఫీగా నెమ్మదిస్తుందని చెప్పడం లేదు. ఈ జోరు ఎప్పుడు తెగుతుందో తనకు తెలియదన్న సంగతిని లెక్కలో వేసుకుని సగటు చెప్తోంది. గార్డ్‌నర్, మెకెంజీలే 2010లో ఈ కోణం నుంచి మోడల్‌ను మళ్లీ వివరించారు. అది చదివాక నాకు ఫై అన్న అక్షరానికి ఒక అర్థం దొరికింది. φ/(1-φ) వేస్తే 0.9కి 9 వస్తుంది. అంటే ఈ దశ సగటున ఇంకా 9 నెలలు నడుస్తుందని మోడల్ నమ్మకం. 9 నెలలు, నెలకు 42, మొత్తం 378. డ్యాంప్డ్ ఫోర్‌కాస్ట్ ఎన్నేళ్లు పోయినా 2,218 దాటకపోవడానికి కారణం అదే.

ఇలా చూస్తే ఫై ఎంత అన్నది గణితం ప్రశ్నగా కాక వ్యాపారం ప్రశ్నగా మారుతుంది. 0.8 అయితే సగటున 4 నెలలు. 0.95 అయితే 19 నెలలు. 0.98 అయితే 49 నెలలు. మీ ఊరు, మీ ఏరియాలు మీకు తెలుసు. ఇప్పుడు నడుస్తున్న జోరు ఇంకా ఎన్ని నెలలు నడుస్తుందని మీకు అనిపిస్తోంది? ఆ జవాబుకూ కంప్యూటర్ ఇచ్చిన ఫైకీ పొంతన లేకపోతే ఆగి చూడాలి.

మీ అంకెలతోనే పక్కపక్కన పెట్టి చూద్దాం. మూడు నెలల దూరానికి హోల్ట్ 126 కలుపుతుంది, 0.95 ఫై 114 కలుపుతుంది, 0.9 ఫై 102 కలుపుతుంది. ఎవరిది వాడినా మీ నిర్ణయం మారదు. ఇరవై నాలుగు నెలలకు హోల్ట్ 2,848, 0.98 ఫై 2,631, 0.95 ఫై 2,405, 0.9 ఫై 2,188, 0.8 ఫై 2,007. ఇక్కడ 1కీ 0.98కీ మధ్యే 217 కనెక్షన్ల తేడా ఉంది. నిజానికి ఫై మారితే లెవెల్, ట్రెండ్ కూడా కొద్దిగా మారతాయి. అన్నింటికీ ఒకే 1,840, ఒకే 42 వాడింది పోల్చడం తేలికవడానికే.

పెద్ద ఎత్తున పరీక్షించినప్పుడు కూడా ఇదే తేలింది. మక్రిడాకిస్ బృందం 1982లో 1,001 సిరీస్‌లతో అంచనా పద్ధతుల మధ్య పోటీ పెట్టినప్పుడు సేకరించిన డేటా మీదే గార్డ్‌నర్, మెకెంజీ తమ పద్ధతిని పరీక్షించారు. దూరం పెరిగే కొద్దీ డ్యాంపింగ్ లాభం పెరిగింది. అదే వరుసలో 2000లో వచ్చిన ఎం3 పోటీలో 3,003 సిరీస్‌లు ఉన్నాయి. అక్కడ కూడా చాలా క్లిష్టమైన పద్ధతుల పక్కన ఇది నిలబడింది. అప్పటి నుంచి కొత్త పద్ధతి ఏదైనా వస్తే ముందు దీన్ని ఓడించి చూపించమని అడగడం ఆనవాయితీ అయింది.

ఇప్పుడు అసలు చిక్కు: మీకు ఫై ఎంత ఉండాలి?

సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా ఎంచుకుంటుందో తెలుసుకోవాలి. మామూలుగా అది ఒక్క నెల ముందు అంచనాలో తప్పులు అతి తక్కువగా ఉండే ఫైని వెతుకుతుంది. కానీ పైన చేత్తో వేసిన లెక్క గుర్తు తెచ్చుకోండి. ఒక్క నెల దూరంలో హోల్ట్‌కూ 0.9 డ్యాంప్డ్‌కూ మధ్య నాలుగు కనెక్షన్ల తేడానే, నెలనెలా మీ అంకెలు 11 అటూ ఇటూ ఊగుతున్నాయి. ఆ ఊపులో ఈ నాలుగు కనిపించదు. 48 నెలల డేటాతో 0.88 మంచిదా 0.97 మంచిదా అన్నది ఒక్క నెల తప్పులను బట్టి తేల్చడం దాదాపు అసాధ్యం. కానీ 24 నెలల అంచనాను అదే శాసిస్తుంది. అంటే డేటా ఏ సంఖ్య గురించి అతి తక్కువ చెప్తుందో ఆ సంఖ్యే మీ దూరపు అంచనాను అన్నిటికంటే ఎక్కువ కదిలిస్తుంది.

ఇది ఎలా బయటపడుతుందంటే, ఫై హద్దుకు వెళ్లి అతుక్కుంటుంది. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లోని `ets` ఫైని 0.8కీ 0.98కీ మధ్యే వెతుకుతుంది. మీకు సరిగ్గా 0.98 వచ్చిందంటే సాధారణంగా అర్థం, డేటా డ్యాంపింగ్ అడగడం లేదు, హద్దు మాత్రమే దాన్ని ఆపింది. సరిగ్గా 0.8 వస్తే, ట్రెండ్ అనే దాన్ని ఆ డేటా నమ్మడం లేదు. రెండు సందర్భాల్లోనూ వచ్చిన ఫైని కొలతగా తీసుకోవద్దు. ఇంకో పరీక్ష కూడా చేయవచ్చు. చివరి రెండు నెలలు తీసేసి మళ్లీ నడిపించండి. ఫై 0.91 నుంచి 0.97కి దూకితే, మీ దగ్గర ఉన్న డేటాకు ఆ సంఖ్య చెప్పే శక్తి లేదు.

అందుకే ఫైని మీకు కావలసిన దూరంలోనే పరీక్షించాలి. మీ డేటాను 24వ నెల దగ్గర కత్తిరించండి, మిగతాది కళ్లకు కనపడనట్టు పక్కన పెట్టండి. అక్కడి నుంచి 12 నెలల ముందుకు అంచనా వేసి, అసలు వచ్చిన సంఖ్యతో పోల్చండి. తర్వాత 25వ నెల దగ్గర కత్తిరించి మళ్లీ. ఇలా 36వ నెల దాకా. 13 పరీక్షలు వస్తాయి. ఒక్కో ఫైకి ఆ 13 తప్పుల సగటు తీయండి.

```python
import numpy as np
from statsmodels.tsa.holtwinters import ExponentialSmoothing

def err(y, h, phi, start=24):
    e = []
    for t in range(start, len(y) - h + 1):
        m = ExponentialSmoothing(y[:t], trend="add",
                                 damped_trend=phi < 1)
        f = m.fit(damping_trend=phi) if phi < 1 else m.fit()
        e.append(abs(y[t + h - 1] - f.forecast(h)[-1]))
    return np.mean(e)

for phi in (0.8, 0.85, 0.9, 0.95, 0.98, 1):
    print(phi, err(y, 1, phi), err(y, 12, phi))
```

ఇక్కడ `y` అంటే మీ 48 నెలల మొత్తం కనెక్షన్లు, నంపై వరుసగా. ఒక నెల దూరం కాలమ్‌లో అన్ని ఫైలకూ దాదాపు ఒకే తప్పు కనిపించడం మామూలు. 12 నెలల కాలమ్‌లో అవి విడిపోతాయి. మీరు చూడాల్సింది ఆ రెండో కాలమ్.

ఒక జాగ్రత్త. 13 పరీక్షలు అన్నాను కానీ అవి 13 వేర్వేరు సాక్ష్యాలు కావు. 24వ నెల నుంచి వేసిన ఏడాది, 25వ నెల నుంచి వేసిన ఏడాది, రెండింటిలో పదకొండు నెలలు ఒకటే. ఆ మధ్యలో ఒక పెద్ద కాలనీ కలిసి ఉంటే 13 పరీక్షలూ దాని గురించే మాట్లాడతాయి. కాబట్టి 0.9కి సగటు తప్పు 71 వచ్చి 0.95కి 74 వస్తే 0.9 గెలిచిందని అనుకోవద్దు. 0.9కి 71, ఫై 1కి 160 లాంటి తేడా వస్తే మాత్రం వినాలి. ఇక 24 నెలల దూరానికి పరీక్ష పెట్టాలంటే మీ డేటాకు ఒకే ఒక్క పరీక్ష వస్తుంది, దాని మీద ఏదీ తేల్చలేం. అందుకే 12తోనూ, వీలైతే 18తోనూ చూసి, రెండింటిలో ఏ ఫైలు బాగున్నాయో గమనించండి.

ఈ పరీక్షకు ముందు ఆ 61 సంగతి తేల్చుకోండి. నిజంగా ఒక అపార్టుమెంటు ఒకేసారి కలిసిందా? అయితే దాన్ని ట్రెండ్‌లోకి పోనివ్వడం తప్పు. ఒక్కసారి జరిగిన దూకుడు లెవెల్‌ను మార్చాలి, వేగాన్ని కాదు. ఇంకా పెద్ద ఉదాహరణ, పక్క ఆపరేటర్ మూసేసి వెళ్తే ఆయన కస్టమర్లు 150 మంది ఒక్క నెలలో మీకు రావడం. హోల్ట్ దాన్ని చూసి మీరు దూసుకెళ్తున్నారనుకుంటుంది. డ్యాంప్డ్ పద్ధతి ఆ పొరపాటును కొన్ని నెలల్లో కరిగిస్తుంది, కానీ కరిగేదాకా అంచనాలు పైకి లేచే ఉంటాయి. అలాంటి నెల ఉంటే, ఆ 150ని అంతకు ముందు నెలలన్నింటికీ కలిపి సిరీస్‌ను సర్దండి, అప్పుడు ఆ దూకుడు మాయమై వేగం ఒక్కటే మిగులుతుంది. చివర్లో అంచనా వేసే లెవెల్ ఎలాగూ ఇప్పటి లెవెలే కాబట్టి ఏమీ పోదు.

కొన్నేళ్ల కిందట నేను ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్లకు బస్తాల నిల్వ మీద ఇలాంటి లెక్క వేశాను. రెండు సీజన్ల పెరుగుదలను తిన్నగా మూడేళ్లు లాగి, కొత్త ఛాంబర్ కట్టుకోవచ్చని చెప్పాను. ఆ పెరుగుదలలో ఎక్కువ భాగం ఆ ఒక్క ఏడాది మిర్చి దిగుబడి వల్ల వచ్చింది. తర్వాతి ఏడాది వేగం పడిపోయింది, ఛాంబర్‌లో సగం ఖాళీగా నడిచింది. ఆ తప్పు నాది. దూరపు అంచనా అడిగిన ప్రతిసారీ అప్పటి నుంచి ఫై లేకుండా సంఖ్య ఇవ్వలేదు.

ఇప్పుడు మీ ఓఎల్‌టీలకు వద్దాం. ఒక పాన్ పోర్టుకు 64 కనెక్షన్ల లెక్క వేస్తే, 1,840కి 29 పోర్టులు కావాలి. ఎనిమిది పోర్టుల ఓఎల్‌టీలు నాలుగు ఉన్నాయనుకుంటే 32 పోర్టులు. హోల్ట్ చెప్పిన 2,848కి 45 పోర్టులు, అంటే ఆరు ఓఎల్‌టీలు, ఇంకా రెండు కొనాలి. ఫై 0.9 అయితే 35 పోర్టులు, 0.95 అయితే 38 పోర్టులు. రెండింటికీ ఐదు ఓఎల్‌టీలే, ఇంకొక్కటి చాలు. కనెక్షన్ల సంఖ్యలో 217 తేడా ఉన్నా కొనే వస్తువు విషయంలో తేడా లేదు. ఫై 0.98 అయితేనే 42 పోర్టులై ఆరో ఓఎల్‌టీ అవసరం పడుతుంది. కాబట్టి మీ ప్రశ్న "0.9 కరెక్టా 0.95 కరెక్టా" అన్నది కాదు. "ఈ జోరు సగటున ఇంకో నాలుగేళ్లు నడుస్తుందని నాకు నమ్మకం ఉందా" అన్నదే. 61 నుంచి 31కి దిగిన వరుసను చూస్తే నాకైతే లేదు.

పోర్టుకు 64 అన్నది కాగితం మీద లెక్క. పోర్టు లైనును ఇళ్లకు పంచే స్ప్లిటర్ ఒక్కోటి ఒక్కో వీధిలో ఉంటుంది, ఒక వీధిలో నిండి ఇంకో వీధిలో ఖాళీగా ఉంటుంది. మీ అసలు నిండుదల ఎంతో మీకు తెలుసు. 64 బదులు 45 పడుతుంటే పైన లెక్కంతా 45తో మళ్లీ వేయండి, ఐదూ ఆరూ అన్న సమాధానం మారవచ్చు.

డ్యాంపింగ్ తప్పే సందర్భాలు కూడా చెప్పాలి. మీరు వచ్చే ఆరు నెలల్లో మడికొండ వైపు కొత్త లైను వేయబోతున్నారనుకుందాం, ఫై దాన్ని చూడలేదు. డ్యాంప్డ్ గీతకు తెలిసింది పాత డేటానే. అలాంటి నిర్ణయం మీ చేతుల్లో ఉంటే దాని కనెక్షన్లను విడిగా అంచనా వేసి పైన కలపండి, ఫైని పెంచి దాన్ని దాచవద్దు. రెండోది, డ్యాంప్డ్ గీత ఒక చోట చదునవుతుంది కాబట్టి అది మార్కెట్ హద్దు అని కొందరు అనుకుంటారు. ఆ 2,218 మీ ఏరియాలో ఇళ్ల సంఖ్య చూసి వచ్చింది కాదు. మీ లైన్ల కింద 2,100 ఇళ్లే ఉంటే అది కూడా ఎక్కువే. ఇళ్లు లెక్కపెట్టగలిగితే ఆ లెక్కకే ముందు విలువ ఇవ్వండి. మూడోది, ఎదుగుదల సంఖ్యలో కాక శాతంలో నిలకడగా ఉండే సిరీస్‌లు ఉంటాయి, కొత్తగా మొదలైన వ్యాపారాల తొలి రెండేళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. అక్కడ మామూలు డ్యాంప్డ్ ట్రెండ్ వరుసగా కిందికి అంచనా వేస్తుంది. లాగ్ తీసి దాని మీద డ్యాంపింగ్ పెడితే మెరుగు. మీది ఆ దశ దాటింది. ఇంకొకటి, ఎనుమాముల యార్డులో మిర్చి ధర లాంటి వాటికి దీన్ని వాడవద్దు. రోజువారీ ధరలో ఈ రోజు వేగం రేపటి గురించి చెప్పేది చాలా తక్కువ, అక్కడ ఫై తరచుగా సున్నా వైపు లాగుతుంది.

మీ అంచనాకు పక్కన హద్దులు కూడా అడగండి. హోల్ట్ మోడల్‌లో ఫోర్‌కాస్ట్ వేరియన్స్ దూరం ఘనంతో పెరుగుతుంది, డ్యాంప్డ్‌లో చాలా దూరం పోయాక దాదాపు దూరంతోనే పెరుగుతుంది. అందుకే డ్యాంప్డ్ హద్దులు సన్నగా కనిపిస్తాయి. ఆ హద్దులు ఫై సరిగ్గా తెలుసు అన్న నమ్మకంతో వేసినవి, మనకు మాత్రం అది సరిగ్గా తెలియదు. నేనైతే 0.85, 0.9, 0.95 మూడింటితో వేసి, మూడింటి హద్దులనూ కలిపి పట్టుకుంటాను. ఆ పట్టీ వెడల్పుగా కనిపిస్తే, రెండేళ్ల అంచనాలో నిజంగా ఉన్న అనిశ్చితి అదే.

కొనే విషయంలో నా మాట ఇది. ఒక ఓఎల్‌టీ ఇప్పుడు తెప్పించండి. రెండోది ఇప్పుడే కొని గోదాంలో పెట్టే అవసరం లేదు, ఎందుకంటే అది తెప్పించడానికి మీకు రెండేళ్లు పట్టదు, కొన్ని వారాలు పడుతుంది. ఆరు నెలల తర్వాత ఇదే ఫైతో, కొత్త డేటా కలిపి మళ్లీ నడిపించండి. ఆ ఆరు నెలల కొత్త కనెక్షన్లు డ్యాంప్డ్ చెప్పిన 38, 34, 31, 28, 25, 22కి దగ్గరగా వస్తున్నాయా, హోల్ట్ చెప్పిన 42 దగ్గరే నిలుస్తున్నాయా చూడండి. మొత్తం ఆరు నెలలకు ఒకటి 177 అంటుంది, ఇంకొకటి 252 అంటుంది. 240 పైన వస్తే ఫైని పైకి జరిపి రెండో ఓఎల్‌టీకి ఆర్డరు పెట్టండి. ఆ నెలల అంకెలు ఇక్కడ పెడితే లెక్క మళ్లీ కలిసి చూద్దాం.